అప్రైజల్ ప్రెజెంటేషన్: మీ లెక్కను మేనేజర్ నమ్మేలా ఎలా పెట్టాలి

చిత్తూరు చుట్టుపక్కల జ్యూస్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు అప్రైజల్‌తో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. అసలు పనంతా జూన్, జూలై నెలల్లో తోతాపురి మామిడి లోడ్లు గేటు బయట బారులు తీరినప్పుడు జరుగుతుంది. లెక్క చెప్పాల్సింది మాత్రం మార్చిలో. అప్పటికి మీ మేనేజర్‌కు జనవరిలో పాడైన బాయిలర్ గుర్తుంటుంది కానీ, జూన్‌లో మీరు రాత్రంతా నిలబడి నడిపిన లైను గుర్తుండదు. ఒక్కోసారి మీకే గుర్తుండదు.

అందుకే ఈ పద్ధతిని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ షిఫ్ట్ ఇన్‌చార్జి కేసుతో చెబుతాను. అంకెలు ఉదాహరణ కోసం నేను వేసుకున్నవి. మీరు శ్రీసిటీలోనో రేణిగుంటలోనో వేరే లైన్ మీద ఉంటే గుజ్జు బదులు మీ సరుకు పెట్టుకోండి, క్రమం ఇదే.

ముందు గోల్ షీట్ తీయండి, ల్యాప్‌టాప్ తర్వాత

చాలామంది పీపీటీ తెరిచి "నేను ఈ ఏడాది ఏమేం చేశాను" అని రాయడం మొదలుపెడతారు. ఇరవై పాయింట్లు వస్తాయి, వాటిలో సగానికి పైగా ఎవరూ అడగనివే. దీన్ని తిరగేయండి. పోయిన ఏప్రిల్‌లో సంతకం పెట్టిన గోల్ షీట్ తీసి, అందులోని వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు స్లైడ్ మీద రాయండి. మాటలు మార్చకండి. "దిగుబడి 55.5 శాతానికి చేర్చాలి" అని ఉంటే "దిగుబడి మెరుగుపరచాలి" అని సున్నితం చేయకండి. మేనేజర్ దగ్గర కూడా అదే షీట్ ఉంటుంది. మీరు మాట మార్చారని మొదటి స్లైడ్‌లోనే కనబడితే మిగతావన్నీ అనుమానంగానే చూస్తారు.

మన కేసులో షీట్ మీద మూడు లక్ష్యాలున్నాయి. మొదటిది, తన షిఫ్టులో తోతాపురి గుజ్జు దిగుబడి 54 శాతం నుంచి 55.5 శాతానికి పెంచడం, వెయిటేజీ 50. రెండోది, క్రిములు చేరకుండా గుజ్జును బ్యాగుల్లో నింపి పెట్టే అసెప్టిక్ డ్రమ్ముల్లో, గోడౌన్‌లో ఉబ్బిపోయేవి సీజన్‌కు 5 దాటకూడదు, పోయిన ఏడాది 9 వచ్చాయి, వెయిటేజీ 30. మూడోది, డ్రమ్ములు నింపే ఫిల్లర్ మెషీన్ మీద ఇద్దరు కొత్త ఆపరేటర్లను ఒంటరిగా నడిపే స్థాయికి తేవడం, వెయిటేజీ 20.

వెయిటేజీని బట్టే స్లైడ్లు పంచుకోండి. సగం వెయిటేజీ ఉన్న దానికి రెండు స్లైడ్లు, మిగతా వాటికి ఒక్కొక్కటి. ముందు అన్ని లక్ష్యాలూ ఒకేచోట కనబడే పట్టిక, చివర్లో షీట్‌లో లేని పనికి ఒకటి, వచ్చే ఏడాదికి ఒకటి. మొత్తం ఏడు. పదిహేను, ఇరవై నిమిషాల మీటింగ్‌కు అంతకు మించి పట్టవు.

కాగితాలు స్టోర్ రూమ్‌కు వెళ్లకముందే పట్టుకోండి

రెండో పని ఆధారాలు పోగేయడం. సీజన్ అయిపోయాక షిఫ్ట్ రిజిస్టర్లన్నీ కట్టలు కట్టి స్టోర్‌లో పడేస్తారు. మార్చిలో వెళ్లి అడిగితే "వెతకాల అన్నా, రేపు రా" అంటాడు స్టోర్ కీపర్. ఆ రేపు రివ్యూ అయిపోయిన తర్వాత వస్తుంది. కాబట్టి కనీసం రెండు మూడు వారాల ముందే అడగండి.

దిగుబడి లక్ష్యానికి కావాల్సినవి మూడే. పండు ఎంత వచ్చిందో చెప్పే కాటా చీటీలు, డ్రమ్ములు ఎన్ని నిండాయో చెప్పే రోజువారీ ప్రొడక్షన్ రిపోర్టు, ల్యాబ్ వాళ్ల బ్రిక్స్ రిజిస్టర్. బ్రిక్స్ అంటే గుజ్జులో కరిగి ఉన్న తీపి పదార్థం ఎంతో చెప్పే కొలత అని ఈ పనిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. అది దిగుబడి లెక్కలోకి ఎందుకు వస్తుందో మాత్రం కాసేపట్లో చెబుతాను.

ఒక్కో ఆధారం దగ్గర ఇది ఎవరు రాసింది అని చూసుకోండి. మీరే రాసుకున్న నోట్‌బుక్ కంటే ల్యాబ్ వాళ్లు రాసి సంతకం పెట్టిన రిజిస్టర్‌కు బలం ఎక్కువ. వాట్సాప్‌లో సార్ పెట్టిన "గుడ్ జాబ్" స్క్రీన్‌షాట్ ఆధారం కాదు. ఆ రోజు సార్ మూడ్ బాగుందని తప్ప అది ఇంకేమీ చెప్పదు. బయటి కొనుగోలుదారు పంపిన మెయిల్ అయితే పనికొస్తుంది కానీ, కంపెనీ పేరూ రేటూ కనబడకుండా కప్పేసి పెట్టండి. ఈ ఫైల్ మీ మేనేజర్ దగ్గర ఆగదు, హెచ్ఆర్‌కు కూడా వెళ్తుంది.

శాతాన్ని సరిగ్గా కట్టండి

ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటారు, కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

ఎక్సెల్‌లో తేదీ, పండు టన్నులు, గుజ్జు టన్నులు, ఆ రోజు శాతం అని నాలుగు వరుసలు ఉంటాయి. చివర్లో శాతాల వరుసకు సగటు కట్టేస్తారు. అది తప్పు. ఒక రోజు 100 టన్నుల పండుకు 56 టన్నుల గుజ్జు వచ్చింది, 56 శాతం. మరుసటి రోజు లోడ్లు రాక 20 టన్నులే ఆడింది, 10 టన్నుల గుజ్జు వచ్చింది, 50 శాతం. శాతాల సగటు 53. నిజానికి 120 టన్నులకు 66 టన్నులు వచ్చాయి, అంటే 55 శాతం. చిన్న రోజుకూ పెద్ద రోజుకూ ఒకే విలువ ఇస్తే లెక్క ఇలా పక్కకు పోతుంది. ఒక్కోసారి మీకు నష్టం, ఒక్కోసారి లాభం. లాభం వచ్చినప్పుడే అకౌంట్స్ వాళ్లు పట్టుకుంటారు.

యాభై రోజుల సీజన్‌కు, పండు బి వరుసలో, గుజ్జు సి వరుసలో ఉంటే ఇలా కట్టాలి:

```
=SUM(C2:C51)/SUM(B2:B51)
```

మన షిఫ్ట్ ఇన్‌చార్జి ఇలా కడితే 4,000 టన్నుల పండుకు 55.2 శాతం వచ్చింది. పోయిన ఏడాది అదే షిఫ్టులో, అదే పద్ధతిలో కడితే 54.0. పెరిగింది 1.2 శాతం, అంటే 48 టన్నుల గుజ్జు. డ్రమ్ముకు 215 కిలోల చొప్పున 223 డ్రమ్ములు. వినడానికి బాగుంది. చాలామంది ఇక్కడే ఆగి "223 డ్రమ్ములు అదనంగా తీశాను" అని పెద్ద అక్షరాలతో రాసేస్తారు.

ఆగండి. పండులో నీళ్లు ఎక్కువుంటే గుజ్జు బరువు దానంతట అదే పెరుగుతుంది. లైను కడిగాక మిగిలిన నీళ్లు మొదటి గుజ్జులో కలిసినా అంతే. దిగుబడి పెరిగి బ్రిక్స్ పడిపోయిందంటే మీరు నీళ్లు అమ్ముతున్నట్టు లెక్క. ల్యాబ్ రిజిస్టర్ చూస్తే పోయిన ఏడాది సగటు బ్రిక్స్ 14.8, ఈ ఏడాది 14.7. తేడా చిన్నదే, అయినా తీసేయాలి. 55.2ను 14.7తో గుణించి 14.8తో భాగిస్తే 54.8 వస్తుంది. అంటే పోయిన ఏడాది బ్రిక్స్ దగ్గరే పోల్చితే నిజంగా పెరిగింది సుమారు 0.8 శాతం. 33 టన్నులు, 154 డ్రమ్ములు.

223 ఎక్కడ, 154 ఎక్కడ అని బాధ పడకండి. 154 మీద ఏ ప్రశ్న వచ్చినా నిలబడుతుంది. 223 అని చెబితే క్వాలిటీ మేనేజర్ "బ్రిక్స్ ఎంతబ్బా?" అని ఒక్క మాట అడుగుతాడు, మిగతా మీటింగంతా దాని మీదే నడుస్తుంది.

మీరు లేకపోయినా జరిగేదేనా?

మేనేజర్ పైకి అనకపోయినా మనసులో ఉండే ప్రశ్న ఇది. ఈసారి పండు బాగుందేమో, దామలచెరువు కాయకు బదులు కృష్ణగిరి కాయ ఎక్కువ వచ్చిందేమో, మెషీన్ సర్వీస్ చేయించారేమో. దీనికి రెండు రకాలుగా జవాబు చూపించవచ్చు, రెండూ చూపిస్తే మంచిది.

మొదటిది పక్క షిఫ్టులతో పోలిక. అదే సీజన్, అదే పండు, అవే మెషీన్లు. మిగతా రెండు షిఫ్టుల దిగుబడి కలిపి కడితే 54.5, బ్రిక్స్ సరిచేస్తే 54.1. మీది 54.8. పోయిన ఏడాది అన్ని షిఫ్టులూ 54 దగ్గరే ఉండి ఉంటే, పండు వల్ల పెరిగింది 0.1 మాత్రమే, మీ షిఫ్టులో జరిగిన మార్పు వల్ల పెరిగింది 0.7 అని చెప్పొచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త. "మిగతా షిఫ్టులు కలిపి" అని మాత్రమే రాయండి. బి షిఫ్ట్ ఇంత, సి షిఫ్ట్ ఇంత అని విడివిడిగా పెడితే అది మీ అప్రైజల్ కాదు, వాళ్ల మీద ఫిర్యాదు అవుతుంది. ఆ మాట సాయంత్రానికల్లా క్యాంటీన్‌కు చేరుతుంది.

రెండోది తేదీ. మీరు ఏ మార్పు చేశారో, ఎప్పుడు చేశారో చెప్పి, దిగుబడి ఆ తర్వాతే పెరిగిందని చూపించాలి. మన కేసులో షిఫ్ట్ ఇన్‌చార్జి చేసింది పెద్ద విషయమేమీ కాదు. పల్పర్ నుంచి బయటికి వచ్చే తొక్కకూ డీస్టోనర్ నుంచి వచ్చే టెంకకూ గుజ్జు బాగా అంటుకుని పోతోందని గమనించింది. సీజన్ రెండో వారం నుంచి రెండు గంటలకోసారి ఒక బకెట్ వేస్టు పక్కకు తీయించి, దానికి అంటిన గుజ్జును గీకించి తూకం వేయించింది. తూకం అనుకున్న హద్దు దాటితే ఫిట్టర్‌ను పిలిచి, పల్పర్ లోపల ప్యాడిల్‌కూ జల్లెడకూ మధ్య సందును సరిచేయించింది. ఆ తూకాలన్నీ ఒక రిజిస్టర్‌లో ఉన్నాయి. ఒక్కో తూకం పక్కన టైమూ, రాసిన హెల్పర్ సంతకమూ ఉన్నాయి.

దీన్ని చూపించడానికి వారం వారం దిగుబడితో ఒక్క గీత గ్రాఫ్ చాలు. రెండో వారం దగ్గర ఒక నిలువు గీత పెట్టి "వేస్టు తూకం మొదలు" అని రాయండి. గీతకు ముందే దిగుబడి పెరగడం మొదలైందని కనబడితే మాత్రం నిజాయితీగా ఒప్పుకుని ఆ వాదన వదిలేయండి. అప్పుడు ఆ స్లైడ్ మీకు సాయం చేయదు, మీకే అడ్డం తిరుగుతుంది. ఇంకో సంగతి: గ్రాఫ్ నిలువు అక్షం 54 దగ్గర మొదలుపెడితే చిన్న పెరుగుదల కూడా కొండలా కనబడుతుంది. అలా పెట్టినా తప్పులేదు, కానీ అక్షం మీద అంకెలు పెద్దగా కనబడాలి.

ఫిట్టర్ పేరు కూడా ఆ స్లైడ్ మీద పెట్టండి. సందు సరిచేసింది అతను, ఎప్పుడు సరిచేయాలో తేల్చింది మీరు. రెండూ చెబితే మీ వాటా స్పష్టంగా తెలుస్తుంది. "కోఆర్డినేట్ చేశాను", "సపోర్ట్ ఇచ్చాను", "కీలక పాత్ర పోషించాను" లాంటి మాటలు కనబడితే తీసేయండి. వాటి బదులు తూకం వేయించాను, హద్దు పెట్టాను, పిలిపించాను అని రాయండి. చేసిన పనికి క్రియాపదం దొరకడం లేదంటే ఆ పని మీరు చేయలేదేమో కూడా చూసుకోండి.

స్లైడ్ మీద ఏం ఉండాలి

ఇంత లెక్క వేశాక స్లైడ్ మీద పెట్టేది చాలా తక్కువ. పైన శీర్షిక ఒక పూర్తి వాక్యంగా ఉండాలి: "దిగుబడి 54.0 నుంచి 55.2కు పెరిగింది, లక్ష్యం 55.5 అందలేదు." దాని కింద ఎడమవైపు గ్రాఫ్, కుడివైపు మూడు వరుసలు. నేను చేసింది ఏమిటి, నికరంగా పెరిగింది ఎంత (బ్రిక్స్ సరిచేశాక 154 డ్రమ్ములు), ఆధారం ఎక్కడ ఉంది. ఆధారం వరుసలో "రికార్డులు ఉన్నాయి" అని రాయకండి. ఏ రిజిస్టర్, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అని రాయండి. రెండో స్లైడ్‌లో పక్క షిఫ్టులతో పోలిక. బ్రిక్స్ సరిచేసిన లెక్కను చివర, థాంక్యూ తర్వాత దాచిపెట్టుకునే అదనపు స్లైడ్ల మీద ఉంచండి. అడిగినప్పుడు తీస్తే చాలు.

లక్ష్యం అందలేదని శీర్షికలోనే ఎందుకు రాయాలి అంటారా? షీట్‌లో ఉన్నది 55.5, వచ్చింది 55.2. సార్‌కు ఆ తీసివేత వస్తుంది. మీరే ముందు చెబితే తర్వాతి మాట "ఎందుకు అందలేదు, ఎంతవరకు వచ్చింది" అన్నదాని మీదికి వెళ్తుంది. ఆయన కనిపెడితే "ఎందుకు దాచావు" అన్నదాని మీదికి వెళ్తుంది. రంగులు వాడే అలవాటుంటే దీనికి పసుపు పెట్టండి, పచ్చ కాదు.

రెండో లక్ష్యం, ఉబ్బిన డ్రమ్ములు, తొందరగా ముగించవచ్చు. 9 నుంచి 4కు తగ్గాయి, లక్ష్యం 5, అందింది. కానీ షిఫ్టులో పదివేలకు పైగా డ్రమ్ములు నిండినప్పుడు 9కీ 4కీ తేడా కొంతవరకు అదృష్టం కూడా కావొచ్చు, పైగా బ్యాగుల సప్లయర్ మారి ఉంటే అదీ ఒక కారణమే. కాబట్టి ఇక్కడ గొప్పలు వద్దు. అంకె, ఆధారం, మీరు మార్చిన ఒక్క విషయం. అక్కడితో తర్వాతి స్లైడ్‌కు వెళ్లండి.

మూడోది నిజంగా ఇబ్బందికరమైనది. ఇద్దరికి నేర్పాలి, ఒకడు సీజన్ మధ్యలో మానేసి వెళ్లిపోయాడు. "అతను వెళ్లిపోయాడు సార్, నేనేం చేసేది" అనేది నిజమే అయినా స్లైడ్ మీద సాకులా కనబడుతుంది. ఇలా పెట్టండి: "ఇద్దరిలో ఒకరు ఫిల్లర్‌ను ఒంటరిగా నడుపుతున్నారు." కింద ఆ ఒక్కడు ఏ తేదీ నుంచి ఎన్ని షిఫ్టులు ఒంటరిగా నడిపాడో, స్కిల్ మ్యాట్రిక్స్ మీద ఎవరు సంతకం పెట్టారో రాయండి. రెండో అతను ఎంతవరకు నేర్చుకుని వెళ్లాడో, ఆ ఖాళీ తెలిశాక మీరు ఎవరి పేరు ప్రతిపాదించారో, ఎప్పుడు మెయిల్ పెట్టారో రాయండి. మెయిల్ పెట్టి ఉండకపోతే ఆ వరుస ఖాళీగా వదిలేయండి. కల్పించకండి.

షీట్‌లో లేని పనులు, మీవి కాని ఫలితాలు

సీజన్‌లో షీట్‌లో లేని పని ఏదో ఒకటి మీద పడుతుంది. బయటి దేశం కొనుగోలుదారు ఆడిట్‌కు వస్తాడు, కోల్డ్ రూమ్ కంప్రెసర్ ఆగిపోతుంది. వీటిలో ఒకటో రెండో మాత్రమే ఒక స్లైడ్ మీద పెట్టండి. ఏ పని ఆపి దీనికి వెళ్లారో కూడా రాయండి. ఆ సమయం ఏ లక్ష్యం నుంచి పోయిందో తెలిస్తేనే ఈ స్లైడ్‌కు విలువ.

దీనికి వ్యతిరేకం కూడా ఉంది, మార్కెట్ ఇచ్చిన ఫలితాన్ని మనదిగా చూపించుకోవడం. 2025 సీజన్‌లో తోతాపురి ధర ఎలా పడిపోయిందో ఈ జిల్లాలో అందరికీ తెలుసు. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 చేస్తుందని అప్పుడు ప్రకటించారు. అలాంటి ఏడాది పండు కొనుగోలు ఖర్చు తగ్గిందని పర్చేజ్ వాళ్లు తమ స్లైడ్ మీద పెట్టుకుంటే, బంగారుపాళెం యార్డులో రైతులు పడ్డ పాట్లు చూసినవాళ్లెవరికైనా మింగుడుపడదు. మీ లెక్కల్లో కూడా డ్రమ్ములను రూపాయల్లోకి మార్చాలనిపిస్తే, అకౌంట్స్ వాళ్లిచ్చిన ఒకే ధరను రెండేళ్లకూ వాడండి. లేదంటే డ్రమ్ముల దగ్గరే ఆగండి.

మీటింగ్‌లో

ఫైల్‌ను ఒకరోజు ముందే పంపండి. అంకెలు అక్కడ మొదటిసారి చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది, ముందే చూసి ఉంటే ప్రశ్నలు కాస్త కుదురుగా వస్తాయి. స్లైడ్లు ఇంగ్లీషులో ఉన్నా మాట్లాడేది తెలుగులోనే అయితే, ఒక్కో స్లైడ్‌కు చెప్పే మొదటి వాక్యాన్ని తెలుగులోనే రాసిపెట్టుకోండి. స్లైడ్ చదివి వినిపించడం కంటే అది మేలు. రిజిస్టర్ల ఫోటోలు ఫోన్‌లో కాకుండా ల్యాప్‌టాప్‌లోనే, లక్ష్యం పేరుతో ఉన్న ఫోల్డర్లలో ఉంచండి. "చూపించు" అన్నప్పుడు గ్యాలరీలో పెళ్లి ఫోటోల మధ్య వెతకడం ఎవరికీ బాగుండదు.

సొంత రేటింగ్ అడిగితే పట్టిక చూపించే చెప్పండి. మూడు లక్ష్యాల్లో ఒకటి పూర్తిగా, ఒకటి చాలావరకు, ఒకటి సగం. ఐదులో ఐదు అడగడానికి ఈ పట్టిక ఒప్పుకోదు. నాలుగు అడిగితే ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి: సగం వెయిటేజీ ఉన్న లక్ష్యంలో మిగతా షిఫ్టుల్లో రానిది మన షిఫ్టులో వచ్చింది కాబట్టి. సార్ మూడే ఇస్తానంటే వాదించకండి, ఏ అంకె మీద ఏకీభవించడం లేదో అడిగి రాసుకోండి.

చివరి స్లైడ్ వచ్చే ఏడాది లక్ష్యం. దిగుబడి అని మాత్రమే రాస్తే మళ్లీ ఇదే గొడవ. "14.8 బ్రిక్స్ దగ్గర లెక్కగట్టిన దిగుబడి, మొత్తం గుజ్జును మొత్తం పండుతో భాగించి" అని లక్ష్యంలోనే రాయించండి, ఎంత శాతమో సార్‌తో కలిసి తేల్చండి. మీటింగ్ అయిన రోజే, మాట్లాడుకున్న మార్పులతో పీడీఎఫ్ చేసి ఆయనకు మెయిల్ పెట్టండి. జూన్ మొదటి లోడు కాటా ఎక్కేలోపు వేస్టు తూకం రిజిస్టర్‌కు కొత్త పుస్తకం కూడా ఇప్పించమని అదే మెయిల్‌లో అడగండి.